మౌనం అంగీకారమైన వేళ

“మౌనం అర్ధాంగీకారం” అన్నది పెళ్లిచూపుల నాటి మాట. పెద్దలు అడిగినదానికి పిల్ల తల వంచుకుని వూరుకుంటే, అందులో సగం ఒప్పుదల వుందని లోకం సరిపెట్టుకుంది. ఆ సగాన్ని పూర్తి అంగీకారంగా మార్చి, దాని మీద నెలనెలా అద్దె గుంజే విద్య ఒకటి వ్యాపారంలో వుంది. అది ఎలా సాగుతుందో చెప్పడానికి ఒక దర్జీ కథ చాలు. సుబ్బయ్య అన్నది కథ కోసం పెట్టిన పేరు. అతని కాగితంలోని షరతు వంటిది మాత్రం కల్పన కాదు.

సుబ్బయ్యది నరసరావుపేట చుట్టుపక్కల ఒక గ్రామం. బస్సు ఆగే చోట వేపచెట్టు పక్కన ఒకే గది దుకాణం. అతను కత్తిరించి కుడితే, భార్య కాజాలు తీసి, గుండీలు, హుక్కులు కుడుతుంది. ఇరవై ఏళ్లు కాలితో తొక్కే మిషను మీదనే సంసారం లాక్కొచ్చాడు. మోకాళ్లు సహకరించడం మానేశాయి. పైగా స్కూలు యూనిఫారాల పని వస్తే రోజుకు నాలుగు జతలు కుట్టేవాడికి పది జతలు కుట్టాల్సి వస్తుంది. కరెంటు మిషను కావాలి. దాని ధర 22,000 రూపాయలు. అంత డబ్బు ఒక్కసారిగా అతని చేతిలో ఏనాడూ లేదు.

2023 మే నెలలో పట్నం నుంచి ఒక ఏజెంటు వచ్చాడు. “బాబాయ్, 3,000 డిపాజిట్టు కట్టు. నెలకు 1,150. రెండేళ్లు కళ్లు మూసుకుని కడితే ఇక నీకు దిగుల్లేదు” అన్నాడు. దిగుల్లేదంటే మిషను తనదైపోతుందని సుబ్బయ్య అనుకున్నాడు. ఆరు పేజీల ఇంగ్లీషు కాగితంపై, ఏజెంటు వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం చేశాడు. బ్యాంకు ఖాతా నుంచి ప్రతి నెలా అయిదో తేదీన డబ్బు దానంతట అదే వెళ్లేలా మరో కాగితం మీద కూడా సంతకం చేశాడు. జూన్ 1 నుంచి లీజు మొదలైంది. మిషను మంచిదే. సుబ్బయ్య మాట తప్పలేదు. ఒక్క నెల కూడా ఖాతా ఖాళీగా వుంచలేదు.

2025 మే 5న ఇరవై నాలుగో నెల డబ్బు వెళ్లింది. ఆ రాత్రి భార్య పాయసం వండింది. సరిగ్గా నెల తిరిగి, జూన్ 5న, యూనిఫారాల గుడ్డ ముందేసుకుని కూర్చున్నప్పుడు సెల్‌ఫోన్ మోగింది. ఖాతా నుంచి మరో 1,150 రూపాయలు పోయాయి. పొరపాటు జరిగిందనుకుని కంపెనీకి ఫోన్ చేశాడు.

“పొరపాటేం లేదండి. మీ లీజు ఏడాదికి రెన్యూవల్ అయింది” అంది అవతలి గొంతు.

“నేను అడగలేదు కదమ్మా!”

“వద్దని కూడా చెప్పలేదు కదండి. అగ్రిమెంటులో పదిహేనో క్లాజు చూసుకోండి.”

సుబ్బయ్య ట్రంకు పెట్టె అడుగు నుంచి కాగితం తీసి, రిటైరైన హెడ్మాస్టరు గారింటికి వెళ్లాడు. నాలుగో పేజీలో, చీమ తలకాయలంత అక్షరాలలో, రవాణా ఖర్చుల షరతుకూ బీమా షరతుకూ నడుమ ఆ పదిహేనో షరతు వుంది. మాస్టారు కళ్లద్దాలు సవరించుకుని దానిని తెలుగులో చెప్పారు. లీజు గడువు ముగిసే తేదీకి 90 రోజుల కంటె ముందు కాకుండా, 60 రోజుల కంటె తక్కువ కాకుండా, లీజు వద్దని రిజిస్టర్డు పోస్టులో ప్రధాన కార్యాలయానికి నోటీసు పంపాలి. పంపకపోతే అవే షరతులపై, అదే అద్దెపై, లీజు మరో పన్నెండు నెలలు పొడిగినట్లే. ఆ తరువాత కూడా ఏటేటా ఇంతే. పదిహేడో షరతు దానికి తాళం వేసింది. నడుమ మిషను తిరిగి ఇచ్చేసినా, మిగిలిన నెలల అద్దె మొత్తం ఒకేసారి కట్టాలి.

“అయితే మాస్టారూ, మిషను నాది కాదా?” అన్నాడు సుబ్బయ్య.

“ఇందులో ఎక్కడా నీదవుతుందని లేదు సుబ్బయ్యా. ఇది వాయిదాల కొనుగోలు కాదు. అద్దె.”

ఇక్కడ ఆగి గమనించవలసిన తేడా వుంది. వాయిదాల మీద మిషను కొనడం పల్లెలకు కొత్త కాదు. 1850లలో అమెరికాలో సింగర్ కంపెనీ కుట్టు మిషన్లను వాయిదాల మీద ఇవ్వడం మొదలుపెట్టిన నాటి నుంచి ప్రపంచమంతటా పేద దర్జీలు అలాగే మిషను సంపాదించుకున్నారు. ఆ పద్ధతిలో ఆఖరి కంతు కట్టిన రోజున వస్తువు కట్టినవాడి సొంతం. లీజులో అలా కాదు. ఎన్నేళ్లు కట్టినా అది కంపెనీ సొత్తే, కట్టేవాడు అద్దెదారే. రెండింటిలోనూ నెలనెలా ఒకేలా డబ్బు పోతుంది కనుక చూసేవాడికి తేడా కనపడదు. కాగితంలో “ఆఖరి కంతుతో వస్తువు కొనుగోలుదారుకు దఖలు పడుతుంది” అనే అర్థం వచ్చే వాక్యం వుందా లేదా అన్నదే గుర్తు. అది లేకపోతే అది అద్దె కాగితమే, ఏజెంటు నోటితో ఏమి చెప్పినా సరే.

సుబ్బయ్య లెక్క చూస్తే విషయం తేటపడుతుంది. 24 నెలలకు 1,150 చొప్పున అతను కట్టినది 27,600 రూపాయలు. అప్పటికే మిషను ధర దాటిపోయింది. పొడిగింపు ఏడాది కూడా కడితే 41,400. ఆ పై ఏడాది కూడా తేదీ మరచిపోతే 55,200. అంత కట్టినా మిషను తనది కాదు. కంపెనీ కొత్తగా ఇచ్చిందేమీ లేదు, బాగుచేసిందేమీ లేదు. దర్జీ ఒక ఉత్తరం రాయకపోవడమే దాని ఆదాయం.

మరి అతను ఎందుకు రాయలేదు? గడువు ముగిసేది 2025 మే 31న. దానికి 90 రోజుల ముందంటే మార్చి 2. 60 రోజుల ముందంటే ఏప్రిల్ 1. ఆ నెల రోజుల కిటికీలోనే ఉత్తరం పంపాలి. ఆ ఏడు ఉగాది మార్చి 30న, రంజాన్ ఆ మరునాడు వచ్చాయి. పల్లెలో దర్జీకి తల ఎత్తే తీరిక లేని రోజులవి. తీరిక వున్నా, తెలియని తేదీని ఎవరు గుర్తు పెట్టుకుంటారు? నెలనెలా డబ్బు తీసుకునేటప్పుడు తప్పకుండా సందేశం పంపే కంపెనీ, ఆ నెల రోజులలో “మీ గడువు దగ్గర పడింది” అని ఒక్క ముక్క కూడా పంపలేదు. పంపవలసిన బాధ్యత కాగితంలో దానికి లేదు. మరచిపోవడం దర్జీ వంతు, మరచిపోనివ్వడం కంపెనీ వంతు.

మౌనం అంగీకారం కాదన్నది న్యాయశాస్త్రంలో పాత సూత్రం. 1862లో ఇంగ్లండులో ఒక గుర్రం బేరం కోర్టుకెక్కింది. తోబుట్టువు కొడుకు గుర్రం కొనదలచిన ఒకతను “నీ నుంచి ఇక ఏమీ వినపడకపోతే గుర్రం నాదేననుకుంటాను” అని ఉత్తరం రాశాడు. గుర్రం యజమాని జవాబు రాయలేదు. ఆ మౌనంతో బేరం కుదిరినట్లు కాదని కోర్టు తేల్చింది. మన దేశంలో 1872 నాటి కాంట్రాక్టు చట్టం కింద కూడా అంగీకారం ఏదో రీతిలో అవతలివాడికి తెలియపరచవలసిందే. అయితే సుబ్బయ్య కేసులో ఒక చిక్కు వుంది. “మా ఉత్తరానికి అతను మౌనంగా వుండలేదు, మౌనంగా వుంటే పొడిగించవచ్చునని ముందే సంతకం చేసి ఇచ్చాడు” అని కంపెనీ వాదిస్తుంది. ఆ కేసులో గుర్రం యజమాని దేనిపైనా సంతకం చేయలేదు. ఇక్కడ సంతకం వుంది.

“నాకు ఇంగ్లీషు రాదు, చదవలేదు” అన్న మాట ఒక్కటే కోర్టులో నిలబడదు. సంతకం చేసినవాడు చదివే చేశాడని అనుకోవడం కోర్టుల రివాజు. ఏజెంటు అబద్ధం చెప్పి సంతకం పెట్టించుకుంటే ఒప్పందాన్ని రద్దు చేయించుకునే హక్కు చట్టంలో వుంది. కాని ఏజెంటు అన్నమాటకు సాక్షి కావాలి. “ఇక నీకు దిగుల్లేదు” అన్నది మోసమా, మాటకారితనమా అన్న ప్రశ్న కూడా వస్తుంది. కనుక సుబ్బయ్యకు బలం అక్కడ లేదు. షరతులోని అన్యాయం మీదనే అతను నిలబడాలి.

దానికి ఆధారం వుంది. 2020 జూలై నుంచి అమలులోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం “అన్యాయమైన ఒప్పందం” అన్న మాటను నిర్వచించింది. జరిగిన నష్టానికి పొంతన లేని జరిమానా విధించే షరతు, వినియోగదారుడిపై అకారణ భారం మోపి అతన్ని ఇబ్బందిలోకి నెట్టే షరతు దాని కిందికి వస్తాయి. మిషను తిరిగి తీసుకుని, దానినే మరొకరికి అద్దెకు ఇచ్చుకుంటూ, మొదటివాడి నుంచి మిగిలిన నెలల అద్దె కూడా రాబట్టే పదిహేడో షరతు ఆ నిర్వచనానికి దగ్గరగానే వుంది. వేరే దారి లేక చుక్కల గీత మీద సంతకం చేసిన కొనుగోలుదారుకు ఏకపక్ష షరతులు కట్టుబాటు కావని సుప్రీంకోర్టు 2019లో ఒక ఇళ్ల నిర్మాణ సంస్థ కేసులో చెప్పింది. అయితే ఒప్పందంలోని షరతు అన్యాయమని ప్రకటించి కొట్టివేసే అధికారం రాష్ట్ర కమిషన్‌కు వుంది, జిల్లా కమిషన్‌కు లేదు. సేవలో లోపం, అనుచిత వ్యాపార పద్ధతి అన్న ఫిర్యాదులు మాత్రం జిల్లా కమిషన్ వింటుంది. వాటిని ఫిర్యాదుదారుడు తానుండే జిల్లాలోనే వేసుకోవచ్చు. చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపయితే రుసుము లేదు. వకీలును పెట్టుకోక తప్పదన్న నియమమూ లేదు. వివాదం పుట్టిన రెండేళ్ల లోపు వేయాలి.

ఇంకొక మెలిక కూడా చెప్పుకోవాలి. వ్యాపారం కోసం వస్తువు తీసుకున్నవాడు వినియోగదారుడు కాడని కంపెనీ వకీలు అంటాడు. సొంత కష్టం మీద పొట్ట పోసుకునేందుకు కొన్న వస్తువుకు ఆ అడ్డంకి లేదని చట్టం స్పష్టంగా చెబుతోంది. అద్దెకు తీసుకున్నదాని విషయంలో 2019 చట్టం అంత స్పష్టంగా లేదు. కాబట్టి వాదన తప్పదు. తాను, తన భార్య తప్ప పనివాళ్లు లేరని, కుట్టు కూలి తప్ప మరో ఆదాయం లేదని ఫిర్యాదు మొదటి పేరాలోనే రాయాలని మాస్టారు సుబ్బయ్యకు చెప్పింది అందుకే.

సుబ్బయ్య మొదట చేయబోయిన పని వేరు. అయిదో తేదీకి ముందే ఖాతాలో డబ్బంతా తీసేసి కూర్చుందామనుకున్నాడు. మాస్టారు వారించారు. ఖాతాలో డబ్బు లేక ఇటువంటి చెల్లింపు తిరిగిపోతే, చెక్కు బౌన్సు అయినట్లే క్రిమినల్ కేసు పెట్టే వీలును 2007 నాటి చెల్లింపుల చట్టం కల్పించింది. బ్యాంకుకు వెళ్లి, రాతపూర్వకంగా ఆ ఆదేశాన్ని రద్దు చేయమనడం వేరే సంగతి. అది ఖాతాదారుడి హక్కు. కాని బ్యాంకు ఆదేశం రద్దయినంత మాత్రాన లీజు రద్దు కాదు. అద్దె బాకీ కాగితం మీద పెరుగుతూనే వుంటుంది. రెండూ వేరువేరు ముళ్లు, వేరువేరుగా విప్పాలి.

అందుచేత ముందు ఉత్తరం రాశారు. తెలుగులో ఒక పేజీ, దానికి ఇంగ్లీషు ప్రతి. పొడిగింపుకు తాను అంగీకరించలేదని, గడువు గురించి కంపెనీ ఎన్నడూ గుర్తు చేయలేదని, జూన్ నుంచి పోతున్న డబ్బు అభ్యంతరంతోనే పోతున్నదని, మిషను అప్పగించడానికి సిద్ధమని, డిపాజిట్టు తిరిగి ఇవ్వాలని అందులో వుంది. రిజిస్టర్డు పోస్టులో పంపి రశీదు దాచారు. మిషనును నాలుగు వైపులా ఫోటోలు తీశారు, రేపు దెబ్బ తగిలిందన్న వంకతో డిపాజిట్టు మింగకుండా. తరువాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించారు. పనిలో పనిగా గోడ క్యాలెండరు చివరి పేజీలో “2026 మార్చి 2 నుంచి ఏప్రిల్ 1” అని పెద్ద అక్షరాలతో రాశారు. ఈ గొడవ తేలకపోతే, అప్పుడు మరో నోటీసు తప్పకుండా పంపాలి. జూన్‌లో రాసిన ఉత్తరం 90 రోజుల కంటె ముందుదని కంపెనీ తోసిపుచ్చవచ్చు. ఆలస్యమయితేనే కాదు, తొందరపడినా చెల్లదనడం ఆ షరతులోని రెండో గాలం.

కంపెనీ మొదట “రూల్స్ ఒప్పుకోవు” అంది. ఫిర్యాదు నంబరు వచ్చాక గొంతు మారింది. జూలై చివర రాజీకి వచ్చింది. జూన్, జూలై, ఆగస్టు అద్దె కట్టి మిషను అప్పగించాలి. మిగతా తొమ్మిది నెలల అద్దె, అంటే 10,350 రూపాయలు, అడగరు. డిపాజిట్టులో రవాణా కింద 800 కోసుకుని 2,200 తిరిగి ఇస్తారు. మాస్టారు ఆ మాటలన్నీ కాగితం మీద పెట్టించి, దాని మీద కంపెనీ సంతకం, ముద్ర పడ్డాకే సుబ్బయ్యను సంతకం చేయనిచ్చారు. ఫిర్యాదును జిల్లా కమిషన్ దాకా తీసుకుపోదామా అని కూడా అడిగారు. “యూనిఫారాలు ఎవరు కుడతారు మాస్టారూ?” అన్నాడు సుబ్బయ్య. పేదవాడి రాజీలన్నీ ఈ ప్రశ్న దగ్గరే కుదురుతాయి.

ఆగస్టు ఆఖరి రోజున ఆటోలో మిషను వెళ్లిపోయింది. డిపాజిట్టులో కోసిన 800తో కలిపి సుబ్బయ్యకు అయిన ఖర్చు 31,850 రూపాయలు. 22,000 రూపాయల మిషను మీద అంత ఖర్చు పెట్టి, మూల నున్న పాత తొక్కుడు మిషనుకు నూనె పోసుకున్నాడు. భార్య దాని మీద గుడ్డ దులిపింది. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు.

ఇందులో దర్జీ తప్పు లేదనడానికి వీల్లేదు. తెలిసినవారి చేత చదివించుకోకుండా సంతకం చేశాడు. అద్దె కాగితం మీద సంతకం చేసేవారెవరైనా మూడు ప్రశ్నలకు జవాబు కాగితంలోనే వేలు పెట్టి చూపించమని ఏజెంటును అడగాలి. ఆఖరి కంతు తరువాత వస్తువు ఎవరిది? గడువు ముగిశాక దానంతట అదే పొడిగుతుందా? పొడిగితే, వద్దని ఏ తేదీ నుంచి ఏ తేదీ లోపు, ఎవరికి రాయాలి? చూపించలేనివాడికి సంతకం ఇవ్వకూడదు. ప్రతి సంతకం చేసిన రోజే తీసుకోవాలి. రాయవలసిన తేదీ ఆ రోజే ఇంటి గోడకెక్కాలి. 2025లో తపాలా శాఖ రిజిస్టర్డు పోస్టును స్పీడు పోస్టులో కలిపివేసింది కనుక, ఇప్పుడు నోటీసును స్పీడు పోస్టులో పంపి రశీదు దాచుకోవాలి.

కాని ఆరు పేజీల ఇంగ్లీషు కాగితం ముందు దర్జీ జాగ్రత్త ఎంత? జాగ్రత్త చెప్పవలసింది ఒక్క దర్జీకేనా? ఫ్రాన్సులో 2005 నాటి చట్టం ఇటువంటి షరతుకు సులువైన మందు కనిపెట్టింది. గడువు దగ్గర పడినప్పుడు, వద్దనే హక్కు వుందని వినియోగదారుడికి కంపెనీయే రాతపూర్వకంగా గుర్తు చేయాలి. చేయకపోతే, పొడిగింపు మొదలైన తరువాత అతను ఏ రోజునైనా పైసా జరిమానా లేకుండా తప్పుకోవచ్చు. ఆ ఒక్క నియమం వుండివుంటే సుబ్బయ్య జూన్ 5న ఫోన్ చేసిన రోజుతోనే కథ ముగిసేది. మన చట్టంలో “అన్యాయమైన ఒప్పందం” అన్న మాట వుంది. దాని పక్కన “గుర్తు చేయని పొడిగింపు చెల్లదు” అన్న వాక్యం చేర్చడానికి, ఒప్పందపు ముఖ్య షరతులను సంతకం పక్కనే తెలుగులో అచ్చువేయాలని నిర్దేశించడానికి ప్రభుత్వానికి ఖజానా నుంచి ఒక్క రూపాయి ఖర్చు కాదు.

అంతవరకు ఆ నెల రోజుల కిటికీ ఏటా తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. కిటికీ వుందని తెలిసినవాడు కంపెనీ ఒక్కడే. తెలియనివాడి మౌనాన్ని అంగీకారమనడం వ్యాపారం కాదు, వసూలు.